ఈ 460 ఎక్కడిది, బాబాయ్?

మా అన్నయ్య కొడుకు అమెరికాలో పెట్రోలియం ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఆమధ్య ఒక రాత్రి వాట్సాప్‌లో కాగితం ఫొటో ఒకటి పంపి, కింద ఇలా రాశాడు: "బాబాయ్, పుస్తకంలో జవాబు 179. నాకు 322 వస్తోంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. ఎక్కడ తప్పానో కాస్త చూడవూ?"

నేను ఇంజినీరింగ్ కాలేజీలో థర్మోడైనమిక్స్ చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి. కళ్లజోడు పక్క గదిలో ఉంది. వాడి కోడికెక్కిరి రాత చదివే ఓపిక లేక, ముందు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 322ని 179తో భాగించాను. 1.8 వచ్చింది. ఇక కాగితం చూడనక్కర్లేదు.

వెంటనే ఫోన్ చేశాను. "ఒరేయ్, ఉష్ణోగ్రత కెల్విన్‌లో వేశావు కదూ?"

"అవును బాబాయ్. గ్యాస్ లెక్కల్లో కెల్విన్‌లోనే వెయ్యాలని నువ్వేగా చెప్పావు!"

"చెప్పాను. కానీ నీ ముందున్న పుస్తకం అమెరికా వాళ్లది. ఆ సూత్రంలో రాంకిన్ వెయ్యాలి."

కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఇక్కడ మావాళ్లంతా ఏ లెక్క చేసినా ముందు 460 కలుపుతున్నారు. ఎందుకని అడిగితే నవ్వుతారేమోనని ఊరుకున్నా. ఈ 460 ఎక్కడిది, బాబాయ్?"

తప్పు వాడిది కాదు. మన దగ్గర చదువంతా కెల్విన్‌లోనే సాగుతుంది. రాంకిన్ అనే పేరు పుస్తకం చివరి పట్టికలో ఎక్కడో ఓ మూల కనిపిస్తుంది, పరీక్షకు రాదు గనక ఎవరూ పట్టించుకోరు. కానీ అమెరికా చమురు, గ్యాస్ పుస్తకాలు తెరిచినవాళ్లకీ, అక్కడి జెట్ ఇంజిన్ల పుస్తకాలు తెరిచినవాళ్లకీ మొదటి వారంలోనే ఎదురుపడేది ఇదే. ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం తీరుబడిగా రాస్తున్నాను.

మన ఇళ్లల్లో రెండు కొలతలూ ఉన్నాయి. "ఎండ నలభై రెండు దాటింది" అంటే సెల్సియస్. "పిల్లాడికి జ్వరం నూట రెండు" అంటే ఫారెన్‌హీట్. ఏది ఏ కొలతో ఎవరూ చెప్పరు, ఎవరికీ తికమకా లేదు. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నంతవరకు ఏ కొలత అయినా పనిచేస్తుంది. ఎన్ని రెట్లు అని అడిగినప్పుడే చిక్కంతా వస్తుంది.

కారు టైరు తీసుకుందాం. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు బంకులో 32 పీఎస్ఐ గాలి కొట్టించారు. అప్పుడు టైరులో గాలి 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 26.7 సెల్సియస్. మధ్యాహ్నం హైవే మీద గంటసేపు పోయాక లోపలి గాలి 140 ఫారెన్‌హీట్‌కు, అంటే 60 సెల్సియస్‌కు చేరిందనుకుందాం. టైరు పెద్దగా సాగదు గనక లోపలి ఖాళీ మారలేదనుకోవచ్చు. గాలిని ఒకే ఖాళీలో బంధించి వేడి చేస్తే ఉష్ణోగ్రత ఎన్ని రెట్లైతే పీడనం అన్ని రెట్లవుతుంది. మరి ఉష్ణోగ్రత ఎన్ని రెట్లైంది?

ఫారెన్‌హీట్ చూసుకునేవాడు 140ని 80తో భాగించి 1.75 రెట్లంటాడు. సెల్సియస్ చూసుకునేవాడు 60ని 26.7తో భాగించి 2.25 రెట్లంటాడు. టైరు ఒకటే, లోపలి గాలి ఒకటే, వేడెక్కిందీ ఒకసారే. థర్మామీటరు మార్చినంత మాత్రాన టైరులో పీడనం మారదు కదా. కాబట్టి ఇద్దరిలో ఒకడు తప్పై ఉండాలి. నిజానికి ఇద్దరూ తప్పే.

తప్పు సున్నాలో ఉంది. ఫారెన్‌హీట్ సున్నా అంటే అక్కడ వేడి లేదని అర్థం కాదు. ఎవరో ఒక చోట గీత గీసి ఇక్కణ్ణుంచి లెక్కపెడదాం అనుకున్నారు, అంతే. సెల్సియస్ సున్నా కూడా అంతే, మంచు కరిగే చోట గీసిన గీత. ఇలాంటి గీత దగ్గర నుంచి లెక్కపెడితే తేడాలు సరిగ్గానే వస్తాయి, రెట్లు మాత్రం రావు. మూడో అంతస్తులో ఉన్నవాడు తన గది నేలనే సున్నా అనుకుని, "నా బల్ల కంటే నా బీరువా రెండు రెట్లు ఎత్తు" అన్నాడనుకోండి. వీధిలో నిలబడి కొలిచేవాడికి ఆ రెండు రెట్లు కనపడవు.

టైరు విషయంలో ఇంకో తమాషా కూడా ఉంది. బంకులో గేజి చూపించే 32 కూడా గీత గీసిన సున్నా నుంచి లెక్కపెట్టిందే. పూర్తిగా గాలి దిగిపోయిన టైరుకు గేజి సున్నా చూపిస్తుంది. కానీ టైరులో అప్పుడు కూడా బయటి వాతావరణమంత గాలి, 14.7 పీఎస్ఐ, ఉంటూనే ఉంది. అందుకే అసలు పీడనం కావాలంటే గేజి అంకెకు 14.7 కలుపుతాం. 32 కాస్తా 46.7 అవుతుంది. ఈ సంగతి మెకానిక్కులకు కూడా తెలుసు. ఉష్ణోగ్రతకు చెయ్యాల్సిందీ సరిగ్గా ఇదే. గేజి సున్నా కింద దాగిన భాగాన్ని కలపాలి. ఫారెన్‌హీట్‌కు ఆ భాగం 459.67. మావాడి క్లాసులో అందరూ కలిపే 460 ఇదే, కాస్త గుండ్రం చేసింది.

ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు, మనకు తెలిసిన రెండు విషయాల నుంచే పుడుతుంది. వేడి ఇంతకంటే తగ్గడానికి వీల్లేని అడుగు ఒకటుంది, పరమశూన్య ఉష్ణోగ్రత. అది మంచు కరిగే చోటుకు 273.15 సెల్సియస్ డిగ్రీల కింద ఉంది. ఇక మంచు నుంచి మరిగే నీళ్ల దాకా సెల్సియస్‌లో 100 మెట్లైతే ఫారెన్‌హీట్‌లో 32 నుంచి 212 దాకా 180 మెట్లు. అంటే ఒక సెల్సియస్ మెట్టులో 1.8 ఫారెన్‌హీట్ మెట్లు పడతాయి. ఆ లెక్కన మంచు నుంచి అడుగు దాకా 273.15 × 1.8 = 491.67 ఫారెన్‌హీట్ మెట్లు. మంచు ఇప్పటికే ఫారెన్‌హీట్‌లో 32 దగ్గర ఉంది గనక ఫారెన్‌హీట్ సున్నా నుంచి అడుగు దాకా 491.67 – 32 = 459.67.

సెల్సియస్ మెట్లను అలాగే ఉంచి, అడుగు నుంచి లెక్కపెడితే అది కెల్విన్. ఫారెన్‌హీట్ మెట్లను అలాగే ఉంచి, అదే అడుగు నుంచి లెక్కపెడితే అది రాంకిన్. రాంకిన్ గురించి తెలుసుకోవాల్సింది ఇంతే. మిగతాదంతా దీన్ని మరిచిపోతే వచ్చే తంటా.

మన టైరుకు వద్దాం. 80 ఫారెన్‌హీట్ అంటే 540 రాంకిన్, 140 అంటే 600 రాంకిన్. 600ని 540తో భాగిస్తే 1.11. కెల్విన్‌లో అయితే 299.8, 333.15. భాగిస్తే అదీ 1.11. రెండు దారులూ ఒక్క జవాబుకే చేరాయి. 46.7ను 1.11 రెట్లు చేస్తే దాదాపు 51.9. 14.7 తీసేస్తే గేజి మీద 37 కనిపిస్తుంది. దూర ప్రయాణం చేసి దిగి చూసినవాళ్లకు నాలుగైదు పీఎస్ఐ పెరగడం కొత్తేం కాదు. ఫారెన్‌హీట్ రెట్లను నమ్మినవాడి లెక్కలో మాత్రం గేజి 67 చూపించాలి. టైరు పేలిపోతుందేమోనని వాడు బండి దిగి పరుగెత్తాలి.

ఒక పక్క మాట. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు ఉన్న రోజున గాలి 572.67 రాంకిన్. నీళ్లు గడ్డకట్టే చోటు 491.67 రాంకిన్. అంటే మనం ప్రాణం పోతోందనుకునే ఎండకూ మంచుగడ్డకూ అసలు లెక్కలో తేడా పదహారు శాతమే. జ్వరం 98.6 నుంచి 102కు పెరిగితే ఒంటి వేడి రాంకిన్‌లో 558.27 నుంచి 561.67కు వచ్చింది, ఒక్క శాతం కూడా పెరగలేదు. ఇంటిల్లిపాదినీ నిద్ర పోనివ్వకపోవడానికి అంతమాత్రం చాలు.

ఈ కొలతకు పేరిచ్చిన విలియం జాన్ మెక్వార్న్ రాంకిన్ స్కాట్లండ్ ఇంజినీరు. 1820లో ఎడిన్‌బరోలో పుట్టాడు. 1855 నుంచి చనిపోయేదాకా, అంటే 1872 దాకా, గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్. అదే విశ్వవిద్యాలయంలో అదే కాలంలో భౌతికశాస్త్రం చెప్పినవాడు విలియం థామ్సన్. తర్వాత లార్డ్ కెల్విన్ అయింది ఆయనే. పరమశూన్యం నుంచి మొదలయ్యే కొలత ఉండాలని థామ్సన్ 1848లో ప్రతిపాదించాడు. రాంకిన్ 1859లో ఆవిరి యంత్రాల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆవిరి యంత్రం నడిపేవాళ్ల చేతిలో ఉన్నది ఫారెన్‌హీట్ థర్మామీటరు, అడుగు, పౌను. వాళ్ల పనిముట్లు మార్చకుండా అదే భావాన్ని వాళ్ల మెట్లలో ఇవ్వడమే రాంకిన్ పేరు మీది కొలత. కాబట్టి ఈ రెండు కొలతలూ పోటీదారులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒకే ప్రాంగణంలో పుట్టిన అన్నదమ్ములు.

రాంకిన్‌లో ఇంకో మనిషి ఉన్నాడు. పాటలు కట్టి పాడేవాడు. ఆయన పోయాక 1874లో అచ్చయిన పాటల పుస్తకంలో మూడడుగుల కొలబద్ద మీద ఒక పాట ఉంది. ఈ మీటర్లూ కిలోగ్రాములూ మాకొద్దు, మా కొలబద్ద మాకుంది అని పనివాడి నోట పాడించిన వెటకారం అది. లోకమంతా మీటరుకు మారాక కూడా అడుగూ పౌనూ వదలని అమెరికా ఇంజినీర్ల పుస్తకాల్లో ఆయన పేరే నిలిచి ఉండటం నాకు ఎప్పుడూ నవ్వొచ్చే విషయమే.

పాత పుస్తకాలు చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ రోజుల్లో పరమశూన్యం ఎక్కడుందో ఇంత కచ్చితంగా తెలీదు. అందుకే 19వ శతాబ్దపు ఆవిరి పుస్తకాల్లో 460 బదులు 461 కనిపిస్తుంది. అచ్చుతప్పు అనుకోనక్కర్లేదు.

ఇక మార్చడం. ఎన్ని సూత్రాలు బట్టీ పట్టినా పరీక్ష హాల్లో తారుమారవుతాయి గనక నేను రెండే రాయించేవాణ్ణి.

```
R = F + 459.67
K = R ÷ 1.8
```

మొదటిది గీత జరపడం, రెండోది మెట్టు సైజు మార్చడం. ఫారెన్‌హీట్ నుంచి కెల్విన్‌కు వెళ్లాలంటే రాంకిన్ మీదుగా వెళ్లండి, ముందు కలపండి, తర్వాత భాగించండి. తిరిగి రావాలంటే ముందు 1.8తో గుణించి, తర్వాత 459.67 తీసెయ్యండి. సెల్సియస్ మీదుగా వెళ్లేవాళ్లు 32 తీసేసి, 1.8తో భాగించి, 273.15 కలపాలి. మూడు పనులు, మూడు చోట్ల తప్పు పోవచ్చు. రాంకిన్ మీదుగా అయితే రెండే.

మావాడి లెక్కలో 200 ఫారెన్‌హీట్ ఉంది. 459.67 కలిపితే 659.67 రాంకిన్. 1.8తో భాగిస్తే 366.48 కెల్విన్. వాడు కెల్విన్‌కు మార్చడం తప్పు లేకుండానే మార్చాడు, 366.5 వేశాడు. సరిచూసుకోవడానికి ఒక జంటను మనసులో ఉంచుకుంటే చాలు. 300 కెల్విన్ అంటే సరిగ్గా 540 రాంకిన్, అంటే మన ఫ్యాను కింద గది. అమెరికా పుస్తకంలో ఏ మామూలు గాలి ఉష్ణోగ్రతైనా 500 నుంచి 570 మధ్యన పడాలి. 300 దగ్గర పడిందంటే మీరు కెల్విన్‌లో ఉన్నారు. 80 దగ్గర ఉందంటే 460 కలపడం మరిచారు. మైనస్ వచ్చిందంటే ఎక్కడో పెద్ద పొరపాటే జరిగింది, ఎందుకంటే రాంకిన్‌లో మైనస్ ఉండదు. రాకెట్లలో వాడే ద్రవ హైడ్రోజన్ మరిగేది మైనస్ 423 ఫారెన్‌హీట్ దగ్గర. అది కూడా రాంకిన్‌లో 36.5, సున్నాకు పైనే.

కెల్విన్‌కు మార్చడం సరిగ్గానే ఉంటే మావాడి జవాబు ఎందుకు తప్పింది? ఇదే అసలు సంగతి, కాస్త నిదానంగా చూద్దాం.

భూమి అడుగున వేల అడుగుల లోతులో రాతి రంధ్రాల్లో గ్యాస్ బిగుసుకుని ఉంటుంది. మన కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఉన్నట్టే. అక్కడ పీడనం చాలా ఎక్కువ. అది పైకొచ్చి మామూలు గాలి పీడనానికి దిగగానే విపరీతంగా వ్యాకోచిస్తుంది. కాబట్టి అడుగున ఒక ఘనపుటడుగు గ్యాస్ పైకొచ్చాక ఎన్ని ఘనపుటడుగులవుతుంది అన్నదే గ్యాస్ నిల్వను అంచనా వేసేవాళ్ల మొదటి ప్రశ్న. అమెరికా పుస్తకాలు ఇందుకోసం ఒక చిన్న సూత్రం ఇస్తాయి. పైన ఒక ఘనపుటడుగు అయ్యే గ్యాస్ అడుగున ఎంత చోటు పడుతుందో చెబుతుంది.

```
B = 0.02827 × z × T ÷ P
```

ఇందులో P అడుగున అసలు పీడనం, పీఎస్ఐల్లో. T అక్కడి ఉష్ణోగ్రత. z అన్నది జెడ్ ఫ్యాక్టర్, అంత ఒత్తిడిలో అసలు గ్యాస్ ఆదర్శ వాయువుకు ఎంత పక్కకు తొలిగిందో చెప్పే సవరణ. మావాడి లెక్కలో పీడనం 3000, ఉష్ణోగ్రత 200 ఫారెన్‌హీట్, జెడ్ ఫ్యాక్టర్ 0.9.

ఎవరూ ప్రశ్నించని అంకె ఆ 0.02827. అది ప్రకృతి స్థిరాంకం కాదు, ఎవరో ముందే చేసి పెట్టిన భాగహారం. అమెరికా గ్యాస్ వ్యాపారంలో గ్యాస్‌ను 60 ఫారెన్‌హీట్ దగ్గర, 14.7 పీఎస్ఐ దగ్గర కొలిచినట్టుగా లెక్కకడతారు. 60కి 460 కలిపితే 520 రాంకిన్. 14.7ను 520తో భాగించండి, 0.02827 వస్తుంది. అంటే సూత్రం కడుపులోనే ఒక రాంకిన్ ఉంది. పైకి కనిపించే T కూడా రాంకిన్ అయితేనే రెండూ కలిసి రెట్లు సరిగ్గా ఇస్తాయి. మావాడు కింద రాంకిన్‌ను పెట్టుకుని పైన కెల్విన్ వేశాడు. మానికలతో కొలిచిన బియ్యాన్ని కిలోల ధరతో గుణించినట్టు.

సరిగ్గా వేస్తే 0.02827 × 0.9 × 660 ÷ 3000 = 0.0056. అంటే పైన ఒక ఘనపుటడుగు అయ్యే గ్యాస్ అడుగున 0.0056 ఘనపుటడుగుల్లో ఇమిడి ఉంది. తిరగేస్తే అడుగున ఒక ఘనపుటడుగు పైన 179 అవుతుంది. 660 బదులు 366.5 వేస్తే 322 వస్తుంది. పుస్తకంలో లెక్క గనక ఒక ఎర్ర ఇంకు గీతతో పోయింది. నిజం బావిలో ఇదే పొరపాటు జరిగితే వంద రూపాయల గ్యాస్ ఉన్నచోట నూట ఎనభై రూపాయల గ్యాస్ ఉందని కాగితం మీద తేలుతుంది.

వాడు నొచ్చుకున్నాడు. "అయితే కెల్విన్ అసలు వాడకూడదా?" అన్నాడు. ఎందుకు వాడకూడదు? కడుపులోని అంకెను కూడా మార్చుకుంటే సరి. 60 ఫారెన్‌హీట్ అంటే 288.7 కెల్విన్. 14.7ను 288.7తో భాగిస్తే 0.0509. ఇప్పుడు 0.0509 × 0.9 × 366.5 ÷ 3000 వేసి చూడండి, మళ్లీ అదే 0.0056. కొలత మీ ఇష్టం, కానీ స్థిరాంకం ఏ కొలతలో పుట్టిందో తెలుసుకుని వేయాలి. అమెరికా పుస్తకాల్లో వాయు స్థిరాంకం 10.73 అనో, 1545 అనో కనిపిస్తే అది రాంకిన్ కోసం చేసింది. 8.314 కనిపిస్తే కెల్విన్‌ది. అంకె చూసి కొలత పోల్చుకోవడం కొన్నాళ్లకు అలవాటైపోతుంది.

ఏ తప్పు చేస్తే ఎంత తేడా వస్తుందో కూడా తెలిసి ఉంటే మంచిది. రాంకిన్ చోట కెల్విన్ వేసినవాడి జవాబు ఎప్పుడూ 1.8 రెట్లు పక్కకు పోతుంది. ఉష్ణోగ్రత ఎంతైనా సరే, అదే 1.8. నేను కాగితం చూడకుండానే చెప్పగలిగింది అందుకే. 460 కలపడమే మరిచిపోయి 200 వేస్తే ఈ లెక్కలో 3.3 రెట్లు తేడా, జవాబు 590 వస్తుంది. ఇది మాత్రం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. మనవాళ్లు ప్రత్యేకంగా చేసే తప్పు మరొకటుంది. చెయ్యి అలవాటు కొద్దీ ఫారెన్‌హీట్‌కు 273 కలిపేస్తారు. 473 అవుతుంది, జవాబు 249 వస్తుంది. ఇదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే 473 చూడటానికి నిజం ఉష్ణోగ్రతలాగే ఉంటుంది. 459.67 బదులు 460 కలిపితే ఇక్కడ వచ్చే తేడా రెండు వేలలో ఒక వంతు. దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు. జెట్ ఇంజిన్ల వాళ్లు మాత్రం ప్రామాణిక వాతావరణపు 59 ఫారెన్‌హీట్‌ను 518.67 అనే రాస్తారు, 519 అనరు. వాళ్ల పని అలాంటిది.

460 కలపకూడని చోటు కూడా ఒకటుంది. అమెరికా పుస్తకాల్లో గాలి విశిష్టోష్ణం 0.24 అని ఉంటుంది. ఒక పౌను గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.24 బీటీయూ కావాలని అర్థం. మన టైరులోని గాలినే 80 నుంచి 140కు వేడి చేశామనుకోండి. తేడా 60 డిగ్రీలు. ఆ 60కి ఏమీ కలపనక్కర్లేదు. 140, 80 రెండిటికీ 460 కలిపి తీసేసినా 60యే మిగులుతుంది. పౌనుకు 14.4 బీటీయూ. కానీ "రాంకిన్‌లో వెయ్యాలి" అన్న మాట చెవిలో మోగుతున్న కుర్రాడు 60కి 460 కలిపి 520తో గుణిస్తాడు, 125 బీటీయూ తెస్తాడు. నా దగ్గర ప్రతి ఏడాదీ క్లాసుకు ఇద్దరైనా ఉండేవాళ్లు. తేడాలో ఫారెన్‌హీట్ డిగ్రీ, రాంకిన్ డిగ్రీ ఒకటే. ఆ తేడానే కెల్విన్‌లో కావాలంటే 1.8తో భాగించాలి, అంతే. 60 కాస్తా 33.3 అవుతుంది.

రాసే గుర్తు గురించి ఒక్క మాట. కెల్విన్‌కు 1967లోనే డిగ్రీ సున్నా తీసేశారు. రాంకిన్‌కు కొన్ని పుస్తకాలు ఉంచుతాయి, కొన్ని తీసేస్తాయి. రెండూ ఒకటే. తీసేసినచోట R అన్న ఒకే అక్షరం వాయు స్థిరాంకానికీ ఉష్ణోగ్రతకూ పక్కపక్కనే కూర్చుని తికమక పెడుతుంది. ఇంకా పాత ఐరోపా పుస్తకాల్లో అదే R ఉంటే అది రియోమర్ అనే మరో కొలత కావచ్చు. అందులో నీళ్లు 80 దగ్గర మరుగుతాయి, దానికీ మన రాంకిన్‌కూ చుట్టరికం లేదు.

ఇదంతా విని మావాడు పడుకున్నాడు. రెండు వారాలు చడీచప్పుడు లేదు. తర్వాత మళ్లీ ఓ ఫొటో. ఈసారి కొలిమి గోడ నుంచి వెలువడే వికిరణం లెక్క. గోడ ఉష్ణోగ్రత 1340 ఫారెన్‌హీట్. చదరపు అడుగుకు గంటకు సుమారు 18,000 బీటీయూ రావాలి. వాడికి 1,714 వచ్చింది.

"ఈసారి నేనే ముందు భాగించి చూశా బాబాయ్. 1.8 కాదు, పదిన్నర వచ్చింది. కాబట్టి ఇది రాంకిన్ గొడవ కాదు. ఇంకేదో తప్పు."

"1340కి 460 కలిపావా?"

"కలిపా. 1800. పుస్తకంలో సూత్రం మామూలుదేగా, నాకు అలవాటు కొద్దీ దాన్ని 1000 కెల్విన్ చేసి వేశా..." అని ఆగాడు.

"ఆ సూత్రంలో ఉష్ణోగ్రతకు ఎన్నో ఘాతం?"

అవతల కాల్క్యులేటర్ మీటలు టకటకలాడాయి. 1.8ని 1.8తో గుణిస్తే 3.24. మళ్లీ గుణిస్తే 5.83. మళ్లీ గుణిస్తే 10.5.

"నాలుగో ఘాతం," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.